ఒక్క సెకండ్ అప్పు: ఒకేసారి కట్టేయాలా, ఈఎంఐలో కట్టాలా? లీప్ సెకండ్ స్మియర్ గురించి వివరంగా

2017 జనవరి 1 ఆదివారం తెల్లవారుజామున మన గడియారాల్లో 5:29:59 తర్వాత నేరుగా 5:30:00 రాలేదు, మధ్యలో 5:29:60 అని ఇంకో సెకండ్ వచ్చి వెళ్ళింది. ఊరంతా అర్ధరాత్రి కేకులు కోసి పడుకుని ఉంది, నేను మాత్రం డ్యూటీలో టెర్మినల్ తెరిచి కూర్చున్నా, అప్పుడు కెర్నల్ లాగ్‌లో ఈ ఒక్క లైన్ పడింది:

```
Clock: inserting leap second 23:59:60 UTC
```

అంతే, ఇంకేం కాలేదు, మా సర్వర్లు బానే ఉన్నాయి. కానీ అదే నిమిషంలో ప్రపంచంలో ఇంకోచోట ఒక పెద్ద కంపెనీ డీఎన్ఎస్ దెబ్బతింది, ఆ కథ తెలిశాక నేను ఈ విషయాన్ని వదల్లేదు. ఆ సెకండ్‌ని కంప్యూటర్‌కి ఎలా చెప్పాలి అనే దానిమీద రెండు పద్ధతులున్నాయి, రెండూ ఇబ్బంది పెడతాయి, కాకపోతే ఇబ్బంది పెట్టే చోటు వేరు. అది సరిగ్గా అర్థమైతే మీ సిస్టమ్‌లో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ముందు అసలు ఆ సెకండ్ ఎందుకొచ్చింది అంటే, భూమి తిరగడం కచ్చితంగా ఒకే స్పీడులో ఉండదు, అటామిక్ గడియారాలు మాత్రం ఒకేలా నడుస్తాయి. రెండింటికీ తేడా 0.9 సెకండ్ దాటకుండా యూటీసీకి, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక సమయానికి, అప్పుడప్పుడు ఒక సెకండ్ కలుపుతారు, దీన్నే లీప్ సెకండ్ అంటారు. ఎప్పుడు కలపాలో ఐఈఆర్ఎస్ అనే అంతర్జాతీయ సంస్థ దాదాపు ఆరు నెలల ముందు చెప్తుంది. 1972 నుంచి ఇప్పటిదాకా 27 సార్లు కలిపారు, అన్నిటికన్నా చివరిది ఇందాక చెప్పిందే. యూటీసీ ప్రకారం అర్ధరాత్రి కలుపుతారు కాబట్టి మనకి పొద్దున ఐదున్నరకి వస్తుంది.

గొడవ ఎక్కడంటే, కంప్యూటర్లు వాడే యూనిక్స్ టైమ్‌లో ఈ సెకండ్‌కి చోటే లేదు. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకండ్లు అని ఒక లెక్క ఉంటుంది కదా, అందులో ప్రతి రోజుకీ 86400 సెకండ్లే అని ఫిక్స్ చేసేశారు. ఆ రోజుకి నిజంగా 86401 ఉన్నాయి. మరి ఆ ఎక్కువైన ఒకటి ఎక్కడ పెట్టాలి? లైనక్స్ కెర్నల్ చేసేదేంటంటే అర్ధరాత్రి దగ్గర గడియారాన్ని ఒక సెకండ్ వెనక్కి లాగుతుంది:

```
UTC         Unix time
23:59:58    1483228798
23:59:59    1483228799
23:59:60    1483228799
00:00:00    1483228800
```

చూశారా, 1483228799 రెండుసార్లు వచ్చింది. దీన్నే స్టెప్ అంటారు. అప్పు మొత్తం ఒకేసారి కట్టేయడం లాంటిది. ముందు ఒక సెకండ్ దాకా టైమ్ కరెక్ట్, తర్వాత కూడా కరెక్ట్, మధ్యలో ఆ ఒక్క క్షణం మాత్రం టైమ్ వెనక్కి నడిచింది.

టైమ్ వెనక్కి నడవదు అని నమ్మి రాసిన కోడ్ ఎంత ఉందో లెక్కలేదు, మనందరం రాశాం. ఇందాక చెప్పిన పెద్ద కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్, అక్కడ ఆ రోజు జరిగింది ఇదే. వాళ్ళ డీఎన్ఎస్ సర్వర్ గో లాంగ్వేజ్‌లో రాసింది, అది వేరే సర్వర్లని అడిగి జవాబు తెచ్చేటప్పుడు ఏది ఎంత ఫాస్ట్‌గా చెప్తోందో కొలిచి పెట్టుకుంటుంది. కొలిచే తీరు మనందరికీ తెలిసిందే:

```go
start := time.Now()
// అడగడం, జవాబు రావడం
rtt := time.Now().Sub(start)
```

జవాబు 20 మిల్లీసెకండ్లలో వచ్చిందనుకోండి, కానీ అడిగింది వెనక్కి లాగకముందు, జవాబు వచ్చింది లాగిన తర్వాత. అప్పుడు `rtt` 20 మిల్లీసెకండ్లు కాదు, మైనస్ 980. ఆ సంఖ్య లెక్కల్లో కలిసిపోయి చివరికి గోలో `rand.Int63n` అనే ఫంక్షన్‌కి వెళ్ళింది, దానికి సున్నా గానీ మైనస్ గానీ ఇస్తే అది పానిక్ అవుతుంది. సున్నా వస్తే ఏం చేయాలో కోడ్ రాసినవాళ్ళు చూసుకున్నారు, మైనస్ వస్తుందని మాత్రం ఊహించలేదు, ఎవరు ఊహిస్తారు చెప్పండి, ఒక ప్రశ్నకి జవాబు అడగకముందే వస్తుందా? ఫిక్స్ కూడా ఒక్క అక్షరమే. సున్నాకి సమానమా అని చూసే చోట సున్నా లేదా అంతకన్నా తక్కువా అని మార్చారు. అది అన్ని మెషిన్లకీ చేరేసరికి యూటీసీ 6:45 అయింది, అంటే మన టైమ్‌లో మధ్యాహ్నం పన్నెండుంపావు. మరీ ఎక్కువగా ఉన్నప్పుడు కూడా దెబ్బ తగిలింది వాళ్ళకొచ్చే డీఎన్ఎస్ ప్రశ్నల్లో సుమారు 0.2 శాతానికే, కానీ ఒక సెకండ్ తప్పు ఆరు గంటలకి పైగా నడిచింది అన్నది చూడాల్సిన విషయం. సెకండ్ అయిపోయింది, గడియారం బాగైపోయింది, మైనస్ సంఖ్య మాత్రం మెమరీలో ఉండిపోయింది.

దీనికి సరైన మందు ఏంటంటే ఎంతసేపు పట్టింది అని కొలవడానికి గోడ గడియారం వాడకూడదు, మోనోటానిక్ క్లాక్ వాడాలి, అది వెనక్కి వెళ్ళదు. అదే సంవత్సరం ఆగస్టులో వచ్చిన గో 1.9 నుంచి `time.Now()` రెండూ కలిపి ఇస్తోంది, తీసివేత చేస్తే తనే మోనోటానిక్ వాడుకుంటుంది. కాబట్టి పైన ఉన్న కోడ్ ఇప్పుడు రాస్తే ఏం కాదు. పైథాన్‌లో `time.time()` వాడి తీసివేస్తే మాత్రం ఇప్పటికీ అదే గుంటలో పడతాం, `time.monotonic()` వాడాలి.

ఇంకో రకం దెబ్బ కూడా ఉంది, అది మన కోడ్ తప్పు కాదు. 2012 జూన్ 30 లీప్ సెకండ్ అప్పుడు, మనకి జులై 1 ఆదివారం పొద్దున, లైనక్స్ కెర్నలే పొరపాటు చేసింది. గడియారాన్ని వెనక్కి లాగింది గానీ ఆ సంగతి లోపల టైమర్లు చూసుకునే భాగానికి చెప్పలేదు. దాంతో టైమర్ల లెక్క ఒక సెకండ్ ముందుకి ఉండిపోయింది, "అర సెకండ్ ఆగి లేపు" అంటే అది ఎప్పుడో అయిపోయింది అనుకుని వెంటనే లేపడం, లేచిన ప్రోగ్రామ్ ఇంకా టైమ్ కాలేదని మళ్ళీ పడుకోవడం, మళ్ళీ లేపడం. జావా, మైఎస్‌క్యూఎల్ నడుస్తున్న మెషిన్లలో సీపీయూ వందకి చేరి కూర్చుంది. రెడ్డిట్, మొజిల్లా లాంటివాళ్ళు ఇబ్బంది పడ్డారు. అప్పుడు అందరూ వాడిన చిట్కా ఇది:

```
date -s "$(date)"
```

టైమ్‌ని ఇప్పుడున్న టైమ్‌కే సెట్ చేయడం. వింటే పిచ్చిగా ఉంటుంది కానీ అలా సెట్ చేసినప్పుడు కెర్నల్ ఆ మర్చిపోయిన కబురు టైమర్లకి చెప్తుంది, సీపీయూ దిగిపోతుంది.

ఇలాంటివి భరించలేక గూగుల్ వాళ్ళు 2008లోనే వేరే దారి పట్టారు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఆ ఒక్క సెకండ్‌ని ముక్కలు చేసి గంటల తరబడి పంచేశారు. దీనికే స్మియర్ అని పేరు. ఇప్పుడు గూగుల్, అమెజాన్ ఇద్దరూ చెప్పే పద్ధతి ఒకటే, యూటీసీ ప్రకారం మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12 దాకా, మనకి సాయంత్రం ఐదున్నర నుంచి మర్నాడు సాయంత్రం ఐదున్నర దాకా, 24 గంటలు గడియారాన్ని కొంచెం నెమ్మదిగా నడుపుతారు. నిజంగా 86401 సెకండ్లు గడుస్తాయి, గడియారం 86400 అని చూపిస్తుంది. అంటే ప్రతి సెకండూ దాదాపు 11.6 మైక్రోసెకండ్లు పొడుగు. మామూలు సర్వర్‌లో ఉండే క్వార్ట్జ్ వేడికి చల్లదనానికి ఇంతకన్నా ఎక్కువే అటూ ఇటూ అవుతుంది, కాబట్టి ప్రోగ్రామ్‌లకి ఏమీ తెలీదు. 60వ సెకండ్ ఎక్కడా కనపడదు, ఏ నంబరూ రెండుసార్లు రాదు, టైమ్ వెనక్కి వెళ్ళదు. క్లౌడ్‌ఫ్లేర్ బగ్ స్మియర్ కింద అయితే రాదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి, స్మియర్ టైమ్ తీసుకుంటే మోనోటానిక్ క్లాక్ కూడా నెమ్మదిస్తుంది, ఎందుకంటే లైనక్స్‌లో ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్క్‌లో టైమ్ సర్వర్‌ని అడిగి గడియారం దిద్దుకునే పద్ధతి, సరిచేసే స్పీడు దానికీ వర్తిస్తుంది. ఆ రోజు ఒక గంట కొలిస్తే 42 మిల్లీసెకండ్ల తేడా వస్తుంది. చాలామందికి అది లెక్కలోకి రాదు, కచ్చితమైన కొలతలు తీసేవాళ్ళకి వస్తుంది, వాళ్ళు `CLOCK_MONOTONIC_RAW` చూసుకోవాలి.

ఇంతవరకూ వింటే స్మియరే మంచిది అనిపిస్తుంది, నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. కానీ ఈఎంఐ కడుతున్నన్నాళ్ళూ అప్పు ఉన్నట్టే కదా. ఆ 24 గంటలూ మీ గడియారం చూపించేది యూటీసీ కాదు. మొదలైన ఆరు గంటలకి పావు సెకండ్ వెనక ఉంటుంది, లీప్ సెకండ్ ముందు క్షణంలో అర సెకండ్ వెనక, ఆ సెకండ్ దాటగానే అసలు యూటీసీ ఒక సెకండ్ ఆగిపోయింది కాబట్టి మీరు అర సెకండ్ ముందుకి వచ్చేస్తారు, అక్కడి నుంచి తగ్గుతూ తగ్గుతూ సాయంత్రానికి సున్నా. మీ మెషిన్లన్నీ ఒకే చోట టైమ్ తీసుకుంటే అందరూ కలిసి అర సెకండ్ తప్పు, ఒకళ్ళకొకళ్ళకి తేడా లేదు, ఏ ఇబ్బందీ లేదు. కానీ ఇవాళ ఎంతమందికి అన్నీ ఒకే చోట ఉన్నాయి? సగం సొంత డేటా సెంటర్‌లో, సగం క్లౌడ్‌లో ఉంటాయి.

ఒక కేసు పూర్తిగా చేసి చూద్దాం, ఎందుకంటే ఇది లాగ్‌లలో ఎలా కనిపిస్తుందో తెలిస్తేనే పట్టుకోగలం. 2016లో లాగే డిసెంబర్ 31న ఇంకో లీప్ సెకండ్ వచ్చిందనుకుందాం. లాగిన్ సర్వర్ మీ సొంత డేటా సెంటర్‌లో ఉంది, స్టెప్ పద్ధతిలో అసలు యూటీసీ మీద నడుస్తోంది. ఏపీఐ సర్వర్ క్లౌడ్‌లో ఉంది, 24 గంటల స్మియర్ మీద నడుస్తోంది. యూజర్ లాగిన్ అవ్వగానే లాగిన్ సర్వర్ ఒక జేడబ్ల్యూటీ టోకెన్ ఇస్తుంది, అందులో `nbf` అని ఒక ఫీల్డ్ ఉంటుంది, ఈ టైమ్‌కి ముందు ఈ టోకెన్ చెల్లదు అని అర్థం, సాధారణంగా పూర్తి సెకండ్లలోనే రాస్తారు.

రాత్రి 11 గంటలు. స్మియర్ మొదలై ఐదున్నర గంటలైంది, అంటే 19800 సెకండ్లు, దాన్ని 86400తో భాగిస్తే 0.229. క్లౌడ్ గడియారం 229 మిల్లీసెకండ్లు వెనక ఉంది. లాగిన్ సర్వర్ 23:00:00.100కి టోకెన్ ఇచ్చింది, `nbf` 23:00:00 అని రాసింది. మూడు మిల్లీసెకండ్లలో అది ఏపీఐ సర్వర్‌కి చేరింది. అక్కడ గడియారం 22:59:59.874. ఇంకా టైమ్ కాలేదు, చెల్లదు పొమ్మంది. యూజర్ ఇంకోసారి నొక్కాడు, అప్పటికి ఒక సెకండ్ గడిచింది, పని అయిపోయింది. మీరు చూసేసరికి ఏమీ ఉండదు, మళ్ళీ చేసి చూద్దామంటే దొరకదు.

టోకెన్ సెకండ్ మొదట్లో పుడితేనే ఇలా అవుతుంది, 23:00:00.500కి పుట్టుంటే ఏపీఐ సర్వర్‌లో కూడా 23:00:00 దాటే ఉంటుంది కాబట్టి చెల్లుతుంది. అందుకే వచ్చిన వెంటనే వాడే టోకెన్లలో ఆ సమయంలో నూటికి ఇరవై రెండో ఇరవై మూడో ఫెయిల్ అవుతాయి, మిగతావి వెళ్ళిపోతాయి. రాత్రి గడిచేకొద్దీ ఆ సంఖ్య పెరుగుతూ పోయి పొద్దున 5:29కి దాదాపు సగానికి సగం అవుతుంది. సరిగ్గా ఐదున్నరకి ఠక్కున సున్నా అవుతుంది, ఎందుకంటే ఆ క్షణం నుంచి క్లౌడ్ గడియారం వెనక కాదు, ముందు ఉంది. డ్యూటీలో ఉన్నవాడు హమ్మయ్య అనుకుంటాడు. కానీ ఎదురు దిక్కులో వెళ్ళే కాల్స్ ఉంటే, అంటే క్లౌడ్‌లో టోకెన్ పుట్టి డేటా సెంటర్‌లో చెక్ అయ్యేవి, అవి అదే నిమిషం నుంచి సగం ఫెయిల్ అవ్వడం మొదలుపెట్టి సాయంత్రం ఐదున్నరకి మెల్లగా తగ్గి ఆగుతాయి. ఎర్రర్ గ్రాఫ్ సాయంత్రం ఐదున్నర నుంచి గీత గీసినట్టు నిటారుగా కాకుండా ఏటవాలుగా పెరిగి, పొద్దున ఐదున్నరకి దిక్కు మారిందంటే ఇంకేం వెతకక్కర్లేదు, అది స్మియరే. స్టెప్ వల్ల వచ్చే దెబ్బ ఇలా ఉండదు, అది ఒక్కసారిగా నిట్టనిలువుగా ఐదున్నరకే మొదలవుతుంది.

టోకెన్లకి మందు సులువు, చెక్ చేసే లైబ్రరీలో లీవే అని ఒక సెట్టింగ్ ఉంటుంది, కొన్ని సెకండ్లు అటూ ఇటూ అయినా ఒప్పుకోమని. లాగ్‌లకి అంత సులువు కాదు. పై ఉదాహరణలోనే చూడండి, రిక్వెస్ట్ పంపినట్టు ఒక లాగ్‌లో 23:00:00.100, అది అందినట్టు ఇంకో లాగ్‌లో 22:59:59.874. పంపకముందే అందింది. టైమ్ ప్రకారం ఎవరిది లేటెస్ట్ అయితే అదే ఉంచు అనే లెక్కలో నడిచే డేటాబేస్ అయితే ఇంకా ప్రమాదం, కొత్త విలువ మీద పాత విలువ గెలుస్తుంది, ఏ ఎర్రర్ రాదు, డేటా మాత్రం పోతుంది. నాకు వీటన్నిటిలో ఎక్కువ భయం ఇదే. స్టెప్ దెబ్బ కొడితే కేకలు వినిపిస్తాయి, ఇది చప్పుడు చేయదు.

తర్వాత ఎప్పుడో కూర్చుని ఆ రోజు లాగ్‌లని అసలు యూటీసీకి మార్చుకోవచ్చా అంటే మార్చుకోవచ్చు, స్మియర్ మొదలైన దగ్గర్నుంచి గడియారం చూపించిన సెకండ్లని 86401/86400తో గుణిస్తే నిజంగా గడిచిన సెకండ్లు వస్తాయి. కానీ ఏ మెషిన్ ఏ స్మియర్ మీద ఉందో ఎక్కడైనా రాసి ఉండాలి, లాగ్ లైన్‌లో ఆ సంగతి ఉండదు. అన్ని స్మియర్లూ ఒకటి కూడా కావు. 2016లో గూగుల్ 20 గంటల స్మియర్ చేసింది, లీప్ సెకండ్‌కి ముందు పది గంటలు, తర్వాత పది. అమెజాన్ తన సర్వీసులకి 24 గంటలది చేసింది. గూగుల్ మొదలుపెట్టే సమయానికి అమెజాన్ అప్పటికే 83 మిల్లీసెకండ్లు వెనక ఉంది. ఫేస్‌బుక్ నడిపే మెటా అయితే లీప్ సెకండ్ దగ్గర మొదలుపెట్టి సుమారు 17 గంటలు చేస్తామని 2022లో రాసింది.

ఇక ఒకే మెషిన్‌లో రెండూ కలిపేస్తే అది వేరే తలనొప్పి. నాలుగు టైమ్ సర్వర్లు ఉంటే మంచిదని ఎక్కడో చదివి స్మియర్ చేసే `time.google.com` నుంచి రెండు, స్మియర్ చేయని మామూలు పూల్ నుంచి రెండు పెట్టుకుంటారు, మామూలు రోజుల్లో ఏ తేడా కనపడదు. స్మియర్ మొదలైన గంటకే రెండు వర్గాల మధ్య 40 మిల్లీసెకండ్ల తేడా వచ్చేస్తుంది. ఎన్‌టీపీ ఎక్కువమంది చెప్పిందే నమ్ముతుంది, ఇక్కడ ఇద్దరిద్దరు. అప్పుడు క్రోనీ అనే ఎన్‌టీపీ ప్రోగ్రామ్ లాగ్‌లో ఇలా కనిపిస్తుంది:

```
Can't synchronise: no majority
```

అక్కడి నుంచి అది ఎవరినీ నమ్మకుండా సొంత క్వార్ట్జ్ మీద నడుస్తుంది. `chronyc sources` కొడితే సర్వర్ల పక్కన `x` గుర్తులు కనిపిస్తాయి.

దీనికన్నా కనపడకుండా ఉండేది ఇంకోటుంది. క్రోనీ కాన్ఫిగ్‌లో ఈ లైన్ కొన్ని డిస్ట్రోల్లో ముందే ఉంటుంది:

```
leapsectz right/UTC
```

లీప్ సెకండ్ ఎప్పుడో టైమ్‌జోన్ ఫైల్లో చూసుకో అని అర్థం. స్మియర్ చేసే సర్వర్లు లీప్ సెకండ్ వస్తోందని క్లయింట్లకి కావాలనే చెప్పవు, వాళ్ళే పంచేస్తున్నారు కాబట్టి. కానీ ఈ లైన్ ఉంటే మీ మెషిన్ ఫైల్ చూసి తనంతట తానే అర్ధరాత్రి ఒక సెకండ్ వెనక్కి లాగుతుంది. ఈఎంఐ కడుతూనే మొత్తం అప్పు కూడా కట్టేసినట్టు అయింది, ఆ క్షణంలో మీరు మీ టైమ్ సర్వర్ కన్నా పూర్తిగా ఒక సెకండ్ వెనక పడతారు. అమెజాన్ `169.254.169.123` గానీ గూగుల్‌ది గానీ వాడుతున్నవాళ్ళు ఆ లైన్ ఉందేమో ఇవాళే చూసి తీసేయండి.

ఇండియాలో పనిచేసేవాళ్ళకి ఒక నియమం కూడా ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్‌ల గడియారాలు ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ నడిపే ఎన్‌టీపీ సర్వర్లకి, లేదా వాటికి ట్రేస్ అయ్యే వాటికి కలిపి ఉండాలి. పలు దేశాల్లో సర్వర్లు ఉన్నవాళ్ళు వేరే సోర్స్ వాడుకోవచ్చు గానీ అది ఎన్‌పీఎల్, ఎన్ఐసీ టైమ్ నుంచి తేడా పడకూడదు అని ఉంది. మామూలు రోజున క్లౌడ్ టైమ్ వాడితే మిల్లీసెకండ్లలో ఉంటుంది, ఎవరూ అడగరు. స్మియర్ రోజున మాత్రం అర సెకండ్ దాకా తేడా పడుతుంది, అదీ కావాలని. మీ టీమ్‌లో ఆడిట్ చూసేవాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పి రాతపూర్వకంగా పెట్టించుకోవడం మంచిది అని నా అభిప్రాయం.

2022 నవంబర్‌లో పారిస్ దగ్గర జరిగిన తూనికలు కొలతల మహాసభ 2035 నాటికి ఆ 0.9 హద్దుని పెంచాలని తీర్మానించింది, అంటే ఆ తర్వాత లీప్ సెకండ్లు దాదాపు ఆగిపోతాయి. అదే నెలలో అమెజాన్ హైదరాబాద్ రీజియన్ మొదలైంది, కాబట్టి అక్కడి మెషిన్లు ఒక్క లీప్ సెకండ్ కూడా చూడలేదు. ఈలోపు వస్తుందా అంటే, ఈమధ్య భూమి కొంచెం వేగంగా తిరుగుతోంది, వస్తే కలపడం కాదు తీసేయడమే రావొచ్చు, 23:59:58 తర్వాత నేరుగా 00:00:00. అలాంటిది ఇంతవరకూ ఒక్కసారీ జరగలేదు, కెర్నల్‌లో దానికోసం రాసిన కోడ్ నిజమైన రోజున ఎప్పుడూ నడవలేదు. స్టెప్ చేసేవాళ్ళకి ఒక సెకండ్ మాయమైపోతుంది, ఆ సెకండ్‌కే పెట్టిన జాబ్ ఏమవుతుందో దాన్ని రాసినవాడి మీద ఆధారపడి ఉంటుంది. స్మియర్ చేసేవాళ్ళకి అదే లెక్క తిరగేసి, నెమ్మదికి బదులు కొంచెం వేగం, మిగతాదంతా ఇంతే. పైన టోకెన్ల గ్రాఫ్ చెప్పాను చూడండి, అది మాత్రం తలకిందులవుతుంది, క్లౌడ్‌లో పుట్టినవి రాత్రంతా ఫెయిల్ అవుతాయి, డేటా సెంటర్‌లో పుట్టినవి పొద్దున ఐదున్నర నుంచి.